చిక్కీ స్కాన్ చేస్తే ఫినాయిల్ పడింది

"బార్‌కోడ్ కింద ఉండే నంబర్‌ని బట్టి ఆ సరుకు ఏ కంపెనీదో తెలుసుకోవచ్చా? ఇంట్లో ఒక ప్యాకెట్ మీద అడ్రస్ చెరిగిపోయింది. నంబర్ 890తో మొదలైంది. అంటే ఇండియన్ కంపెనీయేనా?"

తెలుసుకోవచ్చు. కాకపోతే మీకు తెలిసేది ఆ నంబర్‌ని ఎవరు తీసుకున్నారన్నది మాత్రమే. లోపల సరుకు ఎవరు తయారు చేశారన్నది వేరే సంగతి. ఈ తేడా నాకు ఒక పల్లీ చిక్కీ ప్యాకెట్ వల్ల తెలిసింది, అదీ నా కౌంటర్ దగ్గరే, పదిమంది చూస్తుండగా.

మాది తెనాలిలో చిన్న సూపర్ మార్కెట్. ఒకరోజు సాయంత్రం రద్దీగా ఉంది. మాకు రోజూ వచ్చే టీచరమ్మగారు రెండు చిక్కీ ప్యాకెట్లు కౌంటర్ మీద పెట్టారు. మా కుర్రాడు స్కాన్ చేశాడు, బిల్లు ఇచ్చాడు. ఆవిడ బయటికి వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి వచ్చారు. బిల్లులో "ఫినాయిల్ 1 లీటర్ - 2" అని ఉంది. రేటు కూడా ఫినాయిల్ రేటే. "ఏమండీ, నేను ఫినాయిల్ ఎక్కడ కొన్నాను?" అన్నారు. మావాడు మళ్ళీ స్కాన్ చేశాడు. మళ్ళీ ఫినాయిలే. వెనకాల లైన్లో ఉన్న ఒకాయన "చిక్కీలో ఏం కలుపుతున్నారో మిషనే చెప్పేస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. పిల్లలకి కొన్న చిక్కీ ఆవిడ అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

రాత్రి షట్టర్ దించాక కూర్చుని చూశాను. ఫినాయిల్ సీసా మీదా, చిక్కీ కవర్ మీదా ఒకటే నంబర్. 13 అంకెలూ ఒకటే. ఫినాయిల్ మా దగ్గరికి ముందు వచ్చింది కాబట్టి కంప్యూటర్‌లో ఆ పేరుతో ఎక్కింది. తర్వాత చిక్కీ సరుకు దిగినప్పుడు మావాడు స్కాన్ చేస్తే "ఈ ఐటమ్ ఉంది" అని వచ్చింది. పేరు చదవకుండా 48 కొట్టి ఎంటర్ నొక్కాడు. అంటే ఆ వారమంతా నా స్టాకులో 48 ఫినాయిల్ సీసాలు ఎక్కువ ఉన్నాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు ఏడాదికోసారి డబ్బులు తీసుకుంటారు గానీ, తినే ఐటమ్, కడిగే ఐటమ్ ఒకే నంబర్ మీదికి వస్తే ఒక్క హెచ్చరికైనా ఉండదు. అది మరో బాధ.

ఆ నంబర్ ఇదీ: 8901234567890. సరిగ్గా చూడండి. 890 తర్వాత ఒకటి నుంచి తొమ్మిది వరకూ వరసగా, చివర సున్నా. నేను అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఇదే వ్యాపారంలో ఉన్నాను, రోజూ ఇన్ని వందల నంబర్లు చూస్తున్నాను, అయినా అది నా కంటికి ఆనలేదు.

చిక్కీ చేసేది మా దూరపు బాబాయి. ఇంటి వెనకాల షెడ్డులో నలుగురు ఆడవాళ్ళతో చేయిస్తాడు. ఫోన్ చేస్తే, "అది ప్రెస్సువాళ్ళే వేస్తారు కదరా అబ్బాయ్, కవర్‌కి వెనకాల గీతలు ఉండాలిగా" అన్నాడు. గీతలు ఉండాలట. ఆయన దృష్టిలో అది ముగ్గు. కవర్లు ప్రింటు చేసిన ప్రెస్సు విజయవాడలో ఉంది. సరుకుకి వెళ్ళినప్పుడు అక్కడా ఆగాను. డిజైన్ చేసే కుర్రాడు ఏ దాపరికం లేకుండా ఫైలు తీసి చూపించాడు. కవరు వెనక వైపుకి ఒక నమూనా ఉంది, అందులో శాకాహారపు పచ్చ చుక్క, చెత్తబుట్ట బొమ్మ, ఈ బార్‌కోడ్ సిద్ధంగా ఉన్నాయి. పార్టీ సొంత నంబర్ ఇస్తే మారుస్తారు. ఇవ్వకపోతే అదే వెళ్ళిపోతుంది. ఫినాయిల్ ఆయన లేబుల్ కూడా అక్కడే వేయించుకున్నాడు.

మీరు అడగొచ్చు, ఉత్తుత్తి నంబర్ అయితే స్కానర్ పట్టుకోదా అని. పట్టుకోదు. స్కానర్‌కి తెలిసింది ఒక్క లెక్కే. 13 అంకెల్లో చివరిది మొదటి పన్నెండింటి నుంచి లెక్కకట్టి వేసే సరిచూపు అంకె. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి స్థానాల్లో ఉన్నవి కూడాలి. రెండు, నాలుగు, ఆరు ఇలా సరి స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో హెచ్చవేయాలి. రెండూ కలిపితే వచ్చిన దాన్ని పదుల్లోకి నింపడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. మన ఫినాయిల్ చిక్కీ నంబర్‌కి వేసి చూడండి:

```
8 + 0 + 2 + 4 + 6 + 8 = 28
9 + 1 + 3 + 5 + 7 + 9 = 34
34 × 3 = 102
28 + 102 = 130
```

130 పదుల్లోనే ఉంది, ఇంకేమీ కలపక్కర్లేదు. కాబట్టి చివరి అంకె సున్నా. నంబర్‌లో ఉన్నదీ సున్నాయే. 890 తర్వాత ఒకటి నుంచి వరసగా కొట్టుకుంటూ పోతే లెక్క దానంతట అదే కుదిరిపోయింది, మన ఖర్మ. కుదరకపోయి ఉంటే ప్రెస్సు సాఫ్ట్‌వేరే ఒప్పుకునేది కాదు, నాకు ఈ తలనొప్పి ఉండేది కాదు. స్కానర్ "టింగ్" అందంటే అంకెలు సరిగా చదివిందని అర్థం. ఆ నంబర్ ఎవరిదన్నది దానికి తెలియదు.

ఎవరిదో తెలియాలంటే జీఎస్1 వాళ్ళ దగ్గర చూడాలి. ప్రపంచమంతా ఈ నంబర్లు పంచేది ఆ సంస్థే, ఒక్కో దేశంలో ఒక్కో శాఖ. మన దేశంలో జీఎస్1 ఇండియా, ఢిల్లీలో ఉంది. కంపెనీ డబ్బు కట్టి చేరితే మొదటి కొన్ని అంకెలు దానికి కేటాయిస్తారు. దాన్నే కంపెనీ ప్రిఫిక్స్ అంటారు. మిగిలిన అంకెలు కంపెనీ తన సరుకులకి తనే వేసుకుంటుంది. gs1.org సైట్‌లో Verified by GS1 అని ఒక పేజీ ఉంది. అందులో 13 అంకెలూ కొడితే ఆ ప్రిఫిక్స్ ఏ కంపెనీ పేరు మీద ఉందో చూపిస్తుంది. రోజుకి కొన్ని సార్లు ఉచితం. నేను ఫినాయిల్ చిక్కీ నంబర్ కొట్టి చూశాను. బాబాయి పేరూ రాలేదు, ఫినాయిల్ ఆయన పేరూ రాలేదు.

ఇక్కడ నా తెలివితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి. ఈ గొడవకి ముందు నేను ఏడు అంకెలు చూసి కంపెనీ చెప్పేసేవాణ్ణి. పెద్ద కంపెనీలవి చూసి చూసి నోటికి వచ్చేశాయి. 8901030 అంటే హిందుస్థాన్ యూనిలీవర్, 8901063 అంటే బ్రిటానియా, 8901719 పార్లే, 8901058 నెస్లే, 8901725 ఐటీసీ. సబ్బు కవరు మీద చెయ్యి అడ్డం పెట్టి నంబర్ మాత్రం చూసి కంపెనీ చెప్పడం మా షాపులో నాకు ఒక ఆట. అదే ధీమాతో ఒకసారి రెండు వేరే వేరే బ్రాండ్ల అప్పడాల ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి, మొదటి ఏడు అంకెలు ఒకటే ఉన్నాయని, "ఇద్దరూ ఒకటే, పేర్లు మార్చి నాకు రెండు రేట్లకి వేస్తున్నారు" అని సరుకు వేసే ఆయనతో పోట్లాడాను. ఆయన పాపం బిక్కమొహం వేశాడు. నిజానికి ఆ రెండూ వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు కంపెనీలు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ప్రిఫిక్స్ అందరికీ ఏడంకెలు ఉండదు. ఏడంకెలు ఇస్తే చివరి సరిచూపు అంకె పోను సరుకులకి ఐదు అంకెలు మిగులుతాయి, అంటే లక్ష సరుకులు. అంత పెద్ద కంపెనీలు ఎన్ని ఉంటాయి? అప్పడాలు చేసేవాడు లక్ష నంబర్లు ఏం చేసుకుంటాడు? వాడికి తొమ్మిది అంకెల ప్రిఫిక్స్ ఇస్తారు, వెయ్యి సరుకులు వస్తాయి. ఇంకా చిన్నవాడికి పది అంకెలు, వంద సరుకులు. తొమ్మిది అంకెలవాడి నంబర్‌లో నేను ఏడు మాత్రం చూశానంటే, అదే ఏడు అంకెల కింద వంద కంపెనీల దాకా ఉండొచ్చు. వీధి పేరు కలిసిందని ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారనుకున్నట్టు. నంబర్ మొహం చూసి ప్రిఫిక్స్ ఎన్ని అంకెలో చెప్పడానికి గుర్తంటూ ఏదీ లేదు, మధ్యలో గీత గానీ చుక్క గానీ ఉండదు. అందుకే సైట్‌లో కొట్టేటప్పుడు మొదటి ఏడు కాదు, మొత్తం 13 కొట్టాలి. అది ఎక్కడ విరుస్తుందో దానికే తెలుసు.

బాబాయి కథ అక్కడితో అవ్వలేదు. "సొంత నంబర్ తీసుకో బాబాయ్" అన్నాను. తీసుకున్నాడు, కానీ వాళ్ళబ్బాయి చేత ఇంటర్నెట్‌లో చవగ్గా కొనిపించాడు. పది నంబర్లు ఒక ఫైలుగా వచ్చాయి. జీవితాంతం మనవేనట, ఏటా కట్టక్కర్లేదట. కవర్లు వేయించాడు. ఈసారి నంబర్ 7తో మొదలైంది, 12 అంకెలే ఉన్నాయి. నా షాపులో ఏ ఇబ్బందీ లేదు, చిక్కీ అని ఎక్కించుకున్నాను, చిక్కీ అనే బిల్లు పడింది. ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఒక పెద్ద సైట్‌లో పెట్టబోతే మాత్రం తీసుకోలేదు. బ్రాండ్ పేరుకీ నంబర్‌కీ పొంతన లేదని తిప్పికొట్టింది.

నేను Verified by GS1లో కొట్టి చూశాను. 12 అంకెలుంటే ముందు ఒక సున్నా పెట్టి 13 చేసుకోవాలి, అమెరికా పద్ధతి అది. వచ్చిన పేరు అమెరికాలో కొవ్వొత్తులు చేసే ఒక కంపెనీది. తెనాలి దగ్గర షెడ్డులో బెల్లం పాకం పట్టిన చిక్కీ, రికార్డు ప్రకారం అమెరికా కొవ్వొత్తి!

ఇది మోసమా అంటే పూర్తిగా మోసమూ కాదు. అమెరికాలో ఒకప్పుడు ఒక్కసారి డబ్బు కడితే చాలు, ప్రిఫిక్స్ మీకే ఉండిపోయేది. అక్కడి సంస్థ తర్వాత ఏటా కట్టమంది. పాత సభ్యులు కోర్టుకెళ్ళారు, చివరికి 2002 ఆగస్టు 28కి ముందు తీసుకున్నవాళ్ళు ఏటా కట్టక్కర్లేదని రాజీ కుదిరింది. ఆ పాత ప్రిఫిక్సులు ఒక్కోదాని కింద లక్ష నంబర్లు ఉంటాయి. కంపెనీ మూతపడినా, అన్ని సరుకులు లేకపోయినా, మిగిలిన నంబర్లని చిల్లరగా అమ్ముకునే దళారులు పుట్టుకొచ్చారు. నంబర్ ఇంకెవరిదగ్గరా ఉండకపోవచ్చు, కాబట్టి ఫినాయిల్ తగులుకోదు. కానీ రికార్డులో ఎప్పటికీ ఆ పాత కంపెనీ పేరే ఉంటుంది. దళారి ఇచ్చే "సర్టిఫికెట్" మీద బంగారు రంగు అంచు ఎంత వెడల్పున్నా ఆ పేరు మారదు.

మూడోసారికి బాబాయి జీఎస్1 ఇండియాలోనే చేరాడు. పది అంకెల ప్రిఫిక్స్, వంద నంబర్లు. ఇప్పుడు కొడితే సక్రమంగా వస్తుంది. అయితే వచ్చే పేరు చిక్కీ బ్రాండ్ పేరు కాదు. జీఎస్టీ మా పిన్ని పేరు మీద ఉన్న ఒక ఎంటర్‌ప్రైజెస్‌కి ఉంది, ప్రిఫిక్స్ కూడా దాని పేరు మీదే తీసుకున్నారు. కవరు ముందు వైపు ఆ పేరు కనపడదు, వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరో కస్టమర్ ఒకాయన సైట్‌లో వెతికి, "ఇదేదో వేరే కంపెనీ, మీ చిక్కీ డూప్లికేటు" అని ఆయనకి వాట్సాప్ పెట్టాడట. బాబాయి నాకు ఫోన్ చేసి, "దొంగ నంబర్ పెట్టినన్నాళ్ళూ ఒక్కడూ అడగలేదురా, డబ్బు కట్టాక డూప్లికేటు అంటున్నారు" అని వాపోయాడు.

వాట్సాప్ అన్నాక గుర్తొచ్చింది. "690 నుంచి 699 ఉంటే చైనా సరుకు, కొనకండి. 890 ఉంటే మన దేశపు సరుకు" అని ఏడాదికి రెండుసార్లు ఒక మెసేజ్ తిరుగుతుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దాని మీద నేను నలుగురితో చెడ్డాను. 890 అంటే ఆ కంపెనీ జీఎస్1 ఇండియా దగ్గర నంబర్ తీసుకుంది, అంతే. ఢిల్లీలో ఉన్న వ్యాపారి చైనాలో చేయించిన టార్చిలైటు తెచ్చి తన బ్రాండ్ మీద అమ్మితే దాని మీద 890యే ఉంటుంది. మన కంపెనీ అమెరికాలో నంబర్ తీసుకుని ఉంటే ఇక్కడ తయారైన దాని మీద 890 ఉండదు. ఆ లెక్కనే పోతే పుస్తకాలు చాలావరకు 978తో మొదలవుతాయి, ఆ పేరుతో దేశం ఎక్కడుంది? అది పుస్తకాలకి విడిగా ఇచ్చిన సంఖ్య. దిగుమతి సరుకు ఏ దేశానిదో తెలియాలంటే ప్యాకెట్ మీద అక్షరాల్లో రాయాలని తూనికలు కొలతల రూల్సే చెబుతున్నాయి. చదవడం మానేసి గీతలు లెక్కపెడితే ఎలా?

సరే, మీ ప్యాకెట్ సంగతి. అడ్రస్ చెరిగిపోయింది గానీ బార్‌కోడ్ ఉందన్నారు కాబట్టి ముందు 13 అంకెలూ Verified by GS1లో కొట్టండి. పేరొస్తే అది బ్రాండ్ సొంతదారు అయ్యే అవకాశం ఎక్కువ. ఫిర్యాదు చేయడానికి అది చాలు, ఎందుకంటే తయారీ ఎవరి చేత చేయించినా ప్యాకెట్ మీద పేరున్నవాడు తప్పించుకోలేడు. ఏ ఫ్యాక్టరీలో తయారైందో కూడా కావాలంటే బార్‌కోడ్ వదిలేసి, తినే వస్తువైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు కింద 14 అంకెల నంబర్ చూడండి. అది ఒకటితోనో రెండుతోనో మొదలవుతుంది, ఒకటి లైసెన్సు, రెండు చిన్నవాళ్ళ రిజిస్ట్రేషన్. foscos.fssai.gov.in లో ఆ నంబర్‌తో వెతికితే ఎవరికి ఇచ్చారో వస్తుంది. ఒక్కోసారి ప్యాకెట్ మీద అలాంటివి రెండు ఉంటాయి, ఒకటి తయారు చేసినవాడిది, ఇంకోటి అమ్మేవాడిది. బార్‌కోడ్ చెప్పిన పేరు సాధారణంగా అమ్మేవాడితో కలుస్తుంది. అలా కలిస్తే మీరు సరైన మనిషినే పట్టుకున్నట్టు. రెంటిలో ఎవరితోనూ కలవకపోతే మా బాబాయి రెండో కవరు లాంటి కేసు అయ్యుండొచ్చు.

బార్‌కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉందేమో కూడా ఒకసారి గోరుతో గీకి చూడండి. మాకు వచ్చే సరుకులో కొందరు డిస్ట్రిబ్యూటర్లు రేటు స్టిక్కరు వేస్తూ సొంత బార్‌కోడ్ దాని మీదే అంటిస్తారు. మీకు కనిపించేది పై నంబర్, కావాల్సింది కింది నంబర్.

ఇదంతా 890తో మొదలైన దాని గురించి. ఇంట్లో వేరే ప్యాకెట్లు కూడా వెతికే పని పెట్టుకుంటే, 2తో మొదలైన 13 అంకెల వాటిని పక్కన పెట్టేయండి. అవి నాలాంటి షాపులవాళ్ళు కందిపప్పు, చింతపండు తూచి కట్టినప్పుడు సొంతంగా వేసుకునే నంబర్లు. పక్క షాపులో అదే నంబర్ బియ్యానికి ఉండొచ్చు. ఏ సైట్‌లోనూ దొరకవు. వాటికి బిల్లు పట్టుకుని కొన్న షాపుకి వెళ్ళడమే, మా దగ్గరైతే సాయంత్రం ఏడు లోపు రండి, తర్వాత కౌంటర్ దగ్గర రద్దీ.